గీత దాటితేనే అమ్మకం

2019 డిసెంబరు 31న నిఫ్టీ 12,168 దగ్గర ముగిసింది. మరుసటి ఏడాది అదే రోజున 13,982. ఏడాదికోసారి మాత్రమే పెట్టుబడుల లెక్క చూసుకునేవారికి 2020 మంచి సంవత్సరంగానే కనిపిస్తుంది. మార్చి 23న సూచీ ఒక్కరోజులో 13 శాతం కూలి 7,610కి పడిపోయిన సంగతి ఆ లెక్కలో ఎక్కడా ఉండదు.

ఒక ఉద్యోగిని దగ్గర 20 లక్షలు ఉన్నాయనుకుందాం. అందులో 60 శాతం నిఫ్టీ ఇండెక్స్ ఫండ్‌లో, 40 శాతం డెట్ ఫండ్‌లో ఉండాలని ఆమె ముందే నిర్ణయించుకుంది. అంటే 12 లక్షలు, 8 లక్షలు. మార్కెట్ ఎటు నడిచినా ఈ వాటాలు మారిపోతుంటాయి. వాటిని మళ్లీ అనుకున్న చోటికి తేవడమే రీబ్యాలెన్సింగ్. ఆమె మూణ్నెల్లకోసారి చూసుకునే మనిషైతే 2020 మార్చి 31న నిఫ్టీ 8,598 దగ్గర ఉండగా లెక్క తీసేది. 12 లక్షలు దాదాపు ఎనిమిదిన్నర లక్షలయ్యాయి, ఈక్విటీ వాటా 51 శాతం చిల్లరకు దిగింది. డెట్ ఫండ్ నుంచి సుమారు లక్షా నలభై వేలు ఇటు మారిస్తే 60:40 తిరిగి వస్తుంది. అలా మార్చిన సొమ్ము ఆ ఏడాది చివరికి రెండు లక్షల పాతిక వేలు దాటేది.

అలాగని ఇది లాభాలు పెంచే కిటుకు కాదు. మార్కెట్ ఏళ్ల తరబడి పెరుగుతూ పోతే, ప్రతిసారీ పెరిగినదాన్ని అమ్మి నెమ్మదిగా నడిచేదాన్ని కొన్నవారికి, కదలకుండా కూర్చున్నవారి కంటే తక్కువే మిగులుతుంది. రీబ్యాలెన్సింగ్ కాపాడేది నష్టభయం స్థాయిని. 60 శాతానికి సిద్ధపడ్డ మనిషి తనకు తెలియకుండానే 75 శాతానికి చేరి, పతనం వచ్చాక భయపడి అంతా అమ్ముకోవడం నిజంగా జరిగే ప్రమాదం.

అయితే మూణ్నెల్లకోసారి చూడటం వేరు, మూణ్నెల్లకోసారి అమ్మడం వేరు. ఈ రెంటినీ కలిపేసినవాళ్లే ఎక్కువ ఖర్చు పెట్టుకుంటారు. తేదీ వచ్చినప్పుడు చూడాలి, వాటా గీత దాటితేనే కదలాలి. ఎక్కువమంది పెట్టుకునే గీత అటూ ఇటూ 5 శాతం, అంటే ఈక్విటీ 55కి దిగినా 65కి ఎక్కినా మాత్రమే లావాదేవీ.

అదే 20 లక్షలతో మరో లెక్క చూద్దాం. మొదటి ఏడాది ఈక్విటీ 25 శాతం పెరిగి 15 లక్షలైంది, డెట్ 7 శాతం పెరిగి 8.56 లక్షలైంది. ఈక్విటీ వాటా 63.7. గీత లోపలే ఉంది కాబట్టి ఏమీ చేయనక్కర్లేదు. రెండో ఏడాది ఈక్విటీ ఇంకో 20 శాతం పెరిగి 18 లక్షలు, డెట్ 9.16 లక్షలు. వాటా 66 దాటింది. ఇప్పుడు సుమారు లక్షా డెబ్బై వేలు అమ్మాలి. 12 లక్షలు 18 లక్షలయ్యాయి కనుక అమ్మినదాంట్లో మూడో వంతు, అంటే 57 వేలు మాత్రమే లాభం. ఏడాది దాటిన ఈక్విటీ యూనిట్ల లాభంపై ఏటా 1.25 లక్షల దాకా పన్ను లేదు, ఆపైన 12.5 శాతం. కాబట్టి ఆమెకు పడే పన్ను సున్నా. అదే తొందరపడి ఏడాది నిండని యూనిట్లు అమ్మితే 20 శాతం పన్ను, చాలా ఫండ్లలో ఎగ్జిట్ లోడ్ కూడా. ఒకే కంపెనీ ఫండ్ల మధ్య ‘స్విచ్’ చేసినా పన్ను లెక్కలో అది అమ్మకమే. ఇది చాలామందికి నోటీసు వచ్చాకే తెలుస్తుంది.

అసలు అమ్మకుండానే సర్దుకునే దారి కూడా ఉంది, నా ఉద్దేశంలో జీతగాళ్లకు అన్నిటికంటే మంచిది అదే. ఆమె నెలకు 15 వేలు సిప్ కడుతుంటే, రెండో ఏడాది మొత్తం ఆ సొమ్మును డెట్ ఫండ్‌కు మళ్లిస్తే చాలు. 1.8 లక్షలు అటు చేరి ఈక్విటీ వాటా 62 దగ్గరే ఆగుతుంది. ఒక్క యూనిట్ కూడా అమ్మలేదు. కానీ పోగైన సొమ్ము కోటి దాటాక నెలకు 15 వేలు వాటాను పెద్దగా కదపలేవు, అప్పుడు అమ్మకం తప్పదు.

అలాంటప్పుడు నెల ముఖ్యం. అమ్మకంలో 2.2 లక్షల లాభం తేలుతుందనుకుంటే, అంతా ఒకేసారి అమ్మితే 95 వేలపై పన్ను, సెస్సుతో కలిపి 12,350 రూపాయలు. సగం మార్చి చివరి వారంలో, సగం ఏప్రిల్ మొదటి వారంలో అమ్మితే రెండు ఆర్థిక సంవత్సరాల మినహాయింపూ వాడుకోవచ్చు. ఆ పన్ను పడదు. కాకపోతే కొత్త ఏడాది మినహాయింపులో 1.1 లక్షలు ఏప్రిల్‌లోనే ఖర్చవుతాయి, మిగిలిన పదకొండు నెలలకూ ఉండేది 15 వేలే.