పాత ఆట నత్తనడక నడుస్తోందా? ముందు ఆ నాలుగు అంకెలు చూడండి

ప్లేస్టేషన్ 2 మార్కెట్లోకి వచ్చింది 2000లో. దాని ప్రధాన ప్రాసెసర్ వేగం దాదాపు 295 మెగాహెర్ట్జ్. ఇవాళ మధ్యస్థాయి ల్యాప్‌టాప్ ప్రాసెసర్ నాలుగు గిగాహెర్ట్జ్ దాకా అందుకుంటుంది. అంకెల్లో చూస్తే పదింతలు దాటింది. అయినా PCSX2 ఎమ్యులేటర్‌లో ఒక పెద్ద ఆట పెడితే, రద్దీ దృశ్యం రాగానే పాత్ర బురదలో నడుస్తున్నట్టు కదులుతుంది, పాట సాగిపోతుంది.

కారణం ఎమ్యులేటర్ చేసే పనిలోనే ఉంది. కన్సోల్ ప్రాసెసర్‌కు అర్థమయ్యే ఆదేశాలు పీసీ ప్రాసెసర్‌కు అర్థం కావు. వాటిని ఆట నడుస్తుండగానే తర్జుమా చేయాలి. పైగా కన్సోల్‌లో ఒకేసారి పనిచేసిన నాలుగైదు చిప్‌లను ఒకదానితో ఒకటి జత తప్పకుండా నడిపించాలి. ఇదంతా సెకనుకు 60 ఫ్రేమ్‌ల లెక్కన జరగాలంటే ఒక్కో ఫ్రేమ్‌కు దొరికేది 16.7 మిల్లీసెకన్లే. ఏ ఒక్క భాగం ఆ గడువు దాటినా ఆట మొత్తం నెమ్మదిస్తుంది. అందుకే సెట్టింగులు కనబడ్డవన్నీ మార్చేయడం కాదు, ఏ భాగం గడువు దాటుతోందో ముందు తేల్చుకోవాలి.

దానికి సాధనం ఎమ్యులేటర్‌లోనే ఉంది. సెట్టింగుల్లో `On-Screen Display` భాగానికి వెళ్లి వేగం శాతం, సీపీయూ వాడకం, జీపీయూ వాడకం చూపమని టిక్ పెట్టండి. ఆట నడుస్తుండగా తెర మూలన `EE`, `GS`, `VU`, `GPU` అని నాలుగు వరుసలు వస్తాయి. `EE` అంటే కన్సోల్ ప్రధాన ప్రాసెసర్‌ను అనుకరించే పని. `VU` అదే చిప్‌లో ఉండే లెక్కల భాగం పని. `GS` బొమ్మ గీయడానికి ఆదేశాలు సిద్ధం చేసే పని. ఈ మూడూ పీసీ ప్రాసెసర్ మీద పడే భారం. నాలుగోది గ్రాఫిక్స్ కార్డుది. వీటిలో ఏది 100కు దగ్గరగా ఉందో అదే మీ అడ్డంకి.

విండోస్ టాస్క్ మేనేజర్ చూసి చాలామంది పొరబడేది ఇక్కడే. అందులో సీపీయూ 30 శాతమే కనిపిస్తే ప్రాసెసర్ ఖాళీగా ఉందనుకుంటారు. ఎనిమిది థ్రెడ్‌లున్న ప్రాసెసర్‌లో ఒక థ్రెడ్ పూర్తిగా నిండిపోయినా మొత్తం లెక్కలో అది 12.5 శాతమే. `EE` పనిని ఎనిమిది మందికి పంచడం కుదరదు. బియ్యం ఉడక్కుండా గంజి వార్చలేనట్టే, ముందు ఆదేశం పూర్తికాకుండా తర్వాతిది మొదలుకాదు. కాబట్టి కోర్ల సంఖ్య కన్నా ఒక్కో కోర్ చురుకుదనమే ఇక్కడ ముఖ్యం.

ఒక ఉదాహరణ తీసుకుందాం. నాలుగు కోర్ల ఐ5 ప్రాసెసర్, నాలుగు జీబీ మెమరీ ఉన్న జీటీఎక్స్ 1650 కార్డు ఉన్న ల్యాప్‌టాప్. ఆట వేగం బాగా పడిపోయే చోట F1 నొక్కి స్థితిని భద్రపరచండి. ఏ మార్పు చేసినా F3 నొక్కి సరిగ్గా అదే చోటికి వచ్చి చూడాలి. వేరే వేరే దృశ్యాల్లో చూస్తే పోలికకు అర్థం ఉండదు.

అక్కడ వేగం 80 శాతం, `EE` 65, `GPU` 98 అని కనిపించిందనుకోండి. ప్రాసెసర్‌కు ఇంకా ఊపిరి ఉంది, గ్రాఫిక్స్ కార్డే అలసిపోయింది. గ్రాఫిక్స్ సెట్టింగుల్లో `Internal Resolution` ఆరింతలు ఉందేమో చూడండి. ఆరింతలంటే అడ్డంగా ఆరు, నిలువుగా ఆరు, అంటే అసలు కన్సోల్ గీసినదానికి 36 రెట్ల చుక్కలు. దాన్ని మూడింతలకు దించితే అవి తొమ్మిది రెట్లకు తగ్గుతాయి, కార్డుకు నాలుగో వంతు చుక్కలే మిగులుతాయి. మామూలు ఫుల్ హెచ్‌డీ తెరకు మూడింతలు చాలు. ఆ తర్వాత `Blending Accuracy` చూడండి. ఎవరో చెప్పారని దాన్ని పైకి పెంచి ఉంటే తిరిగి `Basic`కు తెండి. రెండింతలకు దించినా కార్డు నిండిపోతోందంటే ఎమ్యులేటర్ అసలు కార్డును వదిలేసి ప్రాసెసర్‌లోని చిన్న గ్రాఫిక్స్‌ను వాడుతోందేమోనని అనుమానించాలి. `Adapter` అన్నచోట సరైన కార్డును ఎంచుకోండి.

ఇప్పుడు రెండో సందర్భం. వేగం 85, `EE` 99, `GPU` 40. ఇక్కడ రిజల్యూషన్ ఎంత తగ్గించినా ఒరిగేదేమీ లేదు, బొమ్మ మసకబారడం తప్ప. ల్యాప్‌టాప్ చార్జర్‌కు తగిలించి ఉందా, విండోస్ పవర్ మోడ్ అత్యధిక పనితీరు మీద ఉందా అన్నది ముందు చూడండి. బ్యాటరీ మీద ప్రాసెసర్ తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. తర్వాత `MTVU` టిక్ ఉందో లేదో చూడండి. అది `VU` పనిని విడిగా ఇంకో థ్రెడ్‌కు అప్పగిస్తుంది. ఆట మొదట బాగా నడిచి, అరగంట తర్వాత అదే దృశ్యంలో వేగం పడిపోతే తప్పు సెట్టింగులది కాదు, వేడిది. ఫ్యాన్ దుమ్ము దులిపి, కింద గాలి ఆడేలా పెట్టాలి.

ఇవన్నీ అయ్యాక మిగిలేది `EE Cycle Rate`. దీన్ని 100 నుంచి 75కు తగ్గిస్తే అనుకరించే ప్రాసెసర్ వేగమే తగ్గుతుంది, మీ పీసీకి పని తేలికవుతుంది. తెర మీద వేగం వెంటనే 100 చూపించవచ్చు. కానీ ఈ 100ను నమ్మేముందు ఆట గీస్తున్న ఫ్రేమ్‌లు కూడా చూడాలి. నెమ్మదించిన ప్రాసెసర్ మీద నడుస్తున్న ఆట తన ఫ్రేమ్‌లను తానే వదిలేసి 60 నుంచి 30కి పడిపోవచ్చు. గడియారం సరిగ్గానే నడుస్తుంది, కదలిక మాత్రం కుదుపులుగా ఉంటుంది. కొన్ని ఆటలు మొరాయిస్తాయి కూడా. అందుకే ఇది చివరి అస్త్రం. దీనికి తిరగేసిన ఉదాహరణ ‘షాడో ఆఫ్ ది కొలోసస్’. ఆ ఆట అసలు కన్సోల్ మీదే తడబడేది. పీసీకి శక్తి ఉంటే దీనికి `EE Cycle Rate` పెంచితేనే సాఫీగా నడుస్తుంది.

పూర్తి వేగమంటే ప్రతి ఆటకూ 60 కాదు. హైదరాబాద్‌కు చెందిన ఆరోనా టెక్నాలజీస్ తయారుచేసిన ‘హనుమాన్: బాయ్ వారియర్’ 2009లో ప్లేస్టేషన్ 2కు వచ్చింది. మన దేశంలో అమ్మిన ఇలాంటి పాల్ పద్ధతి డిస్క్‌లకు సెకనుకు 50 అన్నదే సాధారణ లెక్క. వాటిలో 50 కనిపిస్తే లోపమేమీ లేదు. కొన్ని ఆటలు మొదటి నుంచీ 30 ఫ్రేమ్‌లకే రాసినవి. ఫ్రేమ్‌ల అంకె కాదు, ముందు వేగం శాతాన్ని చూడాలి.

అన్నీ కుదిరాయనిపించాక మీరు భద్రపరచుకున్న ఆ కష్టమైన చోటే F4 నొక్కి వేగపరిమితి తీసేయండి. వేగం 130 దాటితే రద్దీ దృశ్యాలకూ ఢోకా ఉండదు. 105 దగ్గరే ఆగితే ఎక్కడో ఒకచోట తడబాటు తప్పదు. చూశాక మళ్లీ F4 నొక్కి పరిమితి పెట్టేయండి.

మార్పులను మొత్తం ఎమ్యులేటర్‌కు కాక, జాబితాలో ఆ ఆట మీద రైట్ క్లిక్ చేసి `Properties`లో దానికొక్కదానికే పెట్టండి. ఒక ఆటకు మేలు చేసిన సెట్టింగ్ ఇంకోదాన్ని చెడగొడుతుంది. బయోస్ ఫైలును మీ సొంత కన్సోల్ నుంచి, ఆటను మీ సొంత డిస్క్ నుంచి తీసుకోండి. ఒకసారికి ఒక్కటే మార్చండి, మార్చిన ప్రతిసారీ ఆ నాలుగు అంకెలు చూడండి. ఫలితం కనిపించకపోతే పాత విలువకే తిప్పేసి ముందుకు వెళ్లండి.