₹499 దాటాక లేచే గుట్ట

ఆన్‌లైన్‌లో పచ్చళ్లు అమ్మే చిన్న దుకాణం ఒకటి ఉందనుకుందాం. ఆవకాయ సీసా ₹180, గోంగూర ₹170, కందిపొడి ₹120. డెలివరీకి ₹60 తీసుకుంటారు, కొరియర్‌కు కట్టేదీ అంతే. మూడూ కొంటే ₹470, డెలివరీతో ₹530.

ఒకరోజు యజమాని ‘₹499 ఆపైన డెలివరీ ఉచితం’ అని పెట్టారు. మూడు రకాలు ఎంచుకున్నావిడకు ‘ఇంకో ₹29 సరుకు చేరిస్తే చాలు’ అని ఫోన్‌లో కనిపిస్తుంది. ₹60 చల్లమిరపకాయల ప్యాకెట్ కలిపితే బిల్లు ₹530. కట్టేది అంతే, ప్యాకెట్ లాభం. ఎవరు వద్దంటారు?

ఇప్పుడు ఆర్డర్లను ఇరవై రూపాయల అంతరంతో గీత గీసి చూస్తే ₹440 నుంచి ₹498 దాకా గొయ్యి పడుతుంది, ₹499 దాటగానే గుట్ట లేస్తుంది. ఆ గొయ్యిలో కొనడం కొనేవారికి నష్టమే కదా. అయినా పూర్తిగా ఖాళీ కాదు. కొందరు గమనించరు, కొందరికి సరిపడే చిన్న వస్తువు దొరకదు. ఒక్క ఆవకాయ సీసా కోసం వచ్చినవారు మాత్రం గుట్ట దాకా ఎక్కరు. ₹60 కట్టి కొంటారు, లేదా వచ్చే నెల అన్నీ కలిపి తీసుకుందామని వెళ్లిపోతారు.

సగటు బిల్లు పెరిగిందని యజమాని సంబరపడతారు. ఇక్కడే నాకు అనుమానం. ఇందాకటి ₹530 ఆర్డర్‌నే చూడండి. అప్పుడూ ఇప్పుడూ చేతికొచ్చింది ₹530, కొరియర్‌కు పోయింది ₹60. తేడా ఒక్కటే, ₹40 పడే ప్యాకెట్ అదనంగా వెళ్లిపోయింది. సగటు ₹470 నుంచి ₹530కి పెరిగింది, లాభం ₹40 తగ్గింది!

ఆవకాయ, గోంగూర రెండే కొనేవారు ఇంకో ఆవకాయ చేరిస్తే? వచ్చే డబ్బు ₹410 నుంచి ₹530కి పెరుగుతుంది. కానీ ఆ సీసా తయారీకే ₹120 అవుతుంది. చివరికి మిగిలేది సున్నా. బరువు పెరిగి కొరియర్ ఎక్కువ అడిగితే అదీ నష్టమే. ఎలాగూ ₹700కి కొనేవారికి ₹60 ఊరికే వదులుకున్నట్టు. కాబట్టి ఈ దుకాణానికి అసలు రాబడి, డెలివరీ రుసుము చూసి కొనకుండా పోయేవాళ్లు ఆగి కొన్నప్పుడే. వాళ్ల సంఖ్య సగటు బిల్లులో కనిపించదు. సైట్‌కు వచ్చిన వందమందికి ఖర్చులు పోను ఎంత మిగిలిందో చూడాలి.

గుట్టంతా ఈ పరిమితి పుణ్యమే అనుకోకూడదు. ₹250 సీసాలు అమ్మే చోట రెండు కొంటే ₹500 అవుతుంది, అక్కడ పరిమితి లేకున్నా గుట్ట ఉంటుంది. అమెజాన్ 2002లో అమెరికాలో ఈ పరిమితిని ఒకే ఏడాదిలో 99 డాలర్ల నుంచి 49కి, తర్వాత 25కి దించింది. మన దుకాణమూ కొన్ని వారాలు దాన్ని ₹599కి మార్చి చూడవచ్చు. గుట్ట వెంట నడిస్తే అది పరిమితి తెచ్చింది, అక్కడే ఉండిపోతే సీసాల ధర తెచ్చింది.