ఒకే కంపెనీ, ఒకే ఖజానా... మూడు రేట్లు ఎందుకు?

1988 ఏప్రిల్‌లో అమెరికాలోని మారియట్ కార్పొరేషన్‌లో డాన్ కోర్స్ అనే ఉన్నతాధికారి ఏటా చేసే ఓ సిఫార్సుకు సిద్ధమవుతున్నాడు. కంపెనీలో మూడు విభాగాలున్నాయి: హోటళ్లు, కాంట్రాక్ట్ సేవలు, రెస్టారెంట్లు. కాంట్రాక్ట్ సేవలంటే విమానాలకూ, సంస్థలకూ భోజనం సరఫరా చేయడం వంటివి. 1987 అమ్మకాల్లో హోటళ్ల వాటా 41 శాతం, కాంట్రాక్ట్ సేవలది 46 శాతం, రెస్టారెంట్లది 13 శాతం. కొత్త పెట్టుబడి కనీసం ఎంత రాబడి తెస్తే ఒప్పుకోవాలి? ఆ కనీస రాబడినే హర్డిల్ రేటు అంటారు. కోర్స్ తేల్చాల్సింది దాన్నే, అదీ ఒక్కో విభాగానికి విడివిడిగా.

ఏ కంపెనీలోనైనా ముఖ్య ఆర్థికాధికారి, అంటే సీఎఫ్ఓ, ఇలాంటి లేఖను బోర్డు ముందు పెట్టగానే మొదటి ప్రశ్న ఒకటే వస్తుంది. ‘‘డబ్బంతా ఒకే ఖాతాలోంచి వెళ్తోంది. మన కంపెనీకి ఆ డబ్బు సగటున 12 శాతానికి దొరుకుతోంది. అలాంటప్పుడు ఒకరిని 10 అడిగి, ఇంకొకరిని 15 అడగడం న్యాయమా?’’

లేఖ సారమంతా ఈ ప్రశ్నకు ఇచ్చే జవాబులోనే ఉంది. డబ్బు ఖరీదు అది ఎవరి దగ్గర్నుంచి వచ్చిందన్నదాన్ని బట్టి కాదు, ఎందులోకి వెళ్తోందన్నదాన్ని బట్టి ఉంటుంది. ఒకే బ్యాంకు ఒకే మనిషికి ఇంటి అప్పు తక్కువ వడ్డీకి, పర్సనల్ లోన్ ఎక్కువ వడ్డీకి ఇస్తుంది. మనిషి మారలేదు, రిస్కు మారింది. షేర్‌హోల్డర్ చూసేదీ అంతే. తన డబ్బుతో కంపెనీ రెస్టారెంట్ తెరిస్తే, బయట అంతే రిస్కున్న రెస్టారెంట్ షేరులో వచ్చేంత రాబడి అతనికి రావాలి. సగటు 12 అన్నది మూడు వ్యాపారాలూ కలిసిన అంకె. అది ఆ మూడింటిలో దేనికీ సరిగ్గా వర్తించకపోవచ్చు.

సగటు రేటు చేసే నష్టం

అర్థం కావడానికి గుండ్రని అంకెలు వేసుకుందాం. ఇవి మారియట్ అసలు లెక్కలు కావు. హోటల్ వ్యాపారానికి తగిన రేటు 10 శాతం, రెస్టారెంట్‌కు 15 శాతం అనుకుందాం. కోటి డాలర్లు పెడితే ఏటా 11 లక్షలు తెచ్చే హోటల్ ప్రతిపాదన ఒకటి, అంతే పెట్టుబడికి 13 లక్షలు తెచ్చే రెస్టారెంట్ల ప్రతిపాదన ఇంకొకటి వచ్చాయి. ఆదాయం ఏళ్ల తరబడి అలాగే వస్తుందనుకుంటే, దాన్ని రేటుతో భాగిస్తే నేటి విలువ తెలుస్తుంది.

అందరికీ 12 శాతమే పెడితే హోటల్ విలువ సుమారు 92 లక్షలు తేలుతుంది, తిరస్కరిస్తారు. రెస్టారెంట్ల విలువ 108 లక్షలు, ఒప్పుకుంటారు. ఎవరి రేటు వారికి పెట్టి చూడండి. హోటల్ విలువ 110 లక్షలు, రెస్టారెంట్లది 87 లక్షలు. అంటే కంపెనీ పది లక్షల లాభాన్ని చేజార్చుకుని, పదమూడు లక్షల నష్టాన్ని కొనుక్కుంది. ఆ ఏడాది ఖాతాల్లో మాత్రం 13 శాతం రాబడి కనిపిస్తుంది కాబట్టి తప్పు ఎవరి కంటా పడదు.

ఇదే ఏటా జరిగితే నిలకడైన విభాగానికి డబ్బు అందదు, రిస్కున్న విభాగం పెరుగుతూ పోతుంది. కొన్నేళ్లకు కంపెనీ మొత్తం రిస్కు పెరిగి, నిన్నటి 12 శాతం సగటు కూడా నిజం కాకుండా పోతుంది. మారియట్‌లో ఇది చిన్న విషయం కాదు. 1987లో ఆ కంపెనీ వంద కోట్ల డాలర్లకు పైగా విలువైన హోటళ్లను అభివృద్ధి చేసింది. రేటు ఒక్క శాతం అటూ ఇటూ అయితే వాటిలో ఎన్ని కట్టాలో మారిపోతుంది.

రేటు ఎలా కడతారు?

విభాగానికి సొంత షేరు ఉండదు, అసలు చిక్కు అక్కడే. అందుకే అదే వ్యాపారం మాత్రమే చేసే బయటి లిస్టెడ్ కంపెనీలను వెతుకుతారు. మార్కెట్‌తో పాటు వాటి షేర్లు ఎంత ఊగుతాయో చెప్పే కొలతే బీటా. మార్కెట్ అంతే ఊగితే 1, ఇంకా ఎక్కువ ఊగితే 1 కన్నా ఎక్కువ.

అయితే ఆ ఊపు అంతా వ్యాపారానిది కాదు, కొంత అప్పుది. కాబట్టి ముందు అప్పు ప్రభావాన్ని తీసేయాలి. రెస్టారెంట్ కంపెనీల సగటు బీటా 1.2, వాటి మొత్తం విలువలో అప్పు 20 శాతం అనుకుందాం. 1.2ను 0.8తో గుణిస్తే 0.96. పన్నును పక్కన పెట్టి స్థూలంగా చూస్తే ఇది వ్యాపారపు సొంత రిస్కు. మన విభాగం 40 శాతం అప్పు మోయగలదనుకుంటే, 0.96ను 0.6తో భాగించి 1.6కు వస్తాం. ప్రభుత్వ బాండు 9 శాతం, షేర్ల రిస్కుకు అదనంగా 7 శాతం అనుకుంటే షేర్‌హోల్డర్ ఆశించేది 9 కూడిక 11.2, అంటే సుమారు 20 శాతం. పన్ను ఆదా పోగా అప్పు ఖర్చు 7 శాతం. 60, 40 పాళ్లలో కలిపితే దాదాపు 15.

ఇక్కడ రెండు జాగ్రత్తలు ముఖ్యం. ఒకటి, అప్పు పాలు విభాగానిదే కావాలి. మారియట్ మొత్తానికి లక్ష్యం 60 శాతం, హోటళ్లకు 74, కాంట్రాక్ట్ సేవలకు 40, రెస్టారెంట్లకు 42. హోటల్ భవనం తాకట్టుకు నిలబడే ఆస్తి, అందుకే అంత అప్పు మోస్తుంది. రెండు, కాలవ్యవధి. హోటల్ దశాబ్దాలు ఉంటుంది కాబట్టి మారియట్ దానికి దీర్ఘకాలపు వడ్డీని, మిగతా రెంటికీ తక్కువ కాలపు వడ్డీని లెక్కలోకి తీసుకునేది.

ఎక్కడ తప్పుతుంది?

అన్నిటికన్నా కష్టం, పోల్చదగిన కంపెనీలు దొరకనప్పుడు. కాంట్రాక్ట్ సేవల వంటి వ్యాపారమే చేసే లిస్టెడ్ కంపెనీ కనిపించకపోతే, మొత్తం కంపెనీ రిస్కులోంచి తెలిసిన రెండు విభాగాల వాటాలు తీసేసి మిగిలింది దానిదనుకోవాలి. ఇందులో తక్కిన అంచనాల పొరపాట్లన్నీ పేరుకుంటాయి. అయినా మంచి పరీక్ష ఒకటుంది. విభాగాల వ్యాపార రిస్కులను వాటి విలువల పాళ్లలో కలిపితే కంపెనీ సొంత రిస్కుకు దగ్గరగా రావాలి. రాకపోతే ఎక్కడో ఒక అంకె తప్పు.

ఇంకో పొరపాటు బోర్డు గదిలోనే పుడుతుంది. ‘‘ఆ విభాగం వాళ్ల అంచనాలు ఎప్పుడూ ఆశగానే ఉంటాయి, వాళ్ల రేటు ఇంకో మూడు శాతం పెంచండి’’ అంటారు. 10ని 13 చేస్తే రెండో ఏడాది వచ్చే డబ్బు నేటి విలువ 5 శాతమే తగ్గుతుంది. ఇరవయ్యో ఏడాది వచ్చే డబ్బుది మాత్రం 40 శాతానికి పైగా పడిపోతుంది. అంచనా ఎక్కువ చేసినవాడికి కాక, దీర్ఘకాలం నడిచే ప్రాజెక్టుకు శిక్ష పడుతుంది. అంచనా అతిగా ఉంటే అంచనానే దిద్దాలి. రేటు రిస్కును మాత్రమే చెప్పాలి.

అందుకే ఇలాంటి లేఖ వచ్చినప్పుడు బోర్డు సభ్యుడు ప్రతి రేటుకూ మూడు విషయాలు అడగాలి: ఏ కంపెనీలతో పోల్చారు, ఎంత అప్పు పాలు తీసుకున్నారు, అన్నీ కలిపితే కంపెనీ మొత్తంతో సరిపోయిందా? వీటికి జవాబున్న రేటు ఒకటో రెండో శాతం అటూ ఇటూ ఉండొచ్చు. అందరికీ ఒకటే పెట్టిన సగటుకన్నా అది వ్యాపారానికి ఎంతో దగ్గరగా ఉంటుంది. విభాగాధిపతి తన రేటు ఎక్కువని వాదిస్తే, తన వ్యాపారం రిస్కు తక్కువని ఈ మూడింటిలోనే చూపించాలి. అప్పుడు వాదన పలుకుబడి మీద కాక లెక్క మీద తేలుతుంది.