యాడ్‌లో ఏఐ యాంకర్: ఏ మాట చెప్పించొచ్చు, ఏ మాట చెప్పించకూడదు

ఈ ఎపిసోడ్‌లో ఏఐ అవతార్ గురించి మాట్లాడుకుందాం. అంటే హేజెన్, సింథీషియా లాంటి టూల్స్‌లో మనం స్క్రిప్ట్ టైప్ చేస్తే, ఒక మనిషి బొమ్మ కెమెరా ముందు నిలబడి చదివినట్టు వీడియో వస్తుంది కదా, అది. ప్రోడక్ట్ యాడ్స్‌కి చాలామంది వాడుతున్నారు. కొన్ని యాడ్స్ జనం చివరిదాకా చూస్తారు. కొన్నిటికి "ఏంటిది, రోబోలా ఉంది" అని కామెంట్ పెట్టి వెళ్ళిపోతారు. తేడా ఎక్కడ వస్తుందో చూద్దాం.

మనిషిలా ఉండీ పూర్తిగా మనిషి కాని ముఖాన్ని చూస్తే మనకి అదోలా అనిపిస్తుంది. జపాన్ రోబోటిక్స్ ప్రొఫెసర్ మసహిరో మోరి 1970లోనే దీని గురించి రాశారు. కార్టూన్ బొమ్మతో ఈ ఇబ్బంది ఉండదు. ఎందుకంటే దాన్ని మనం మనిషి అనుకోం. అచ్చం మనిషిలా ఉన్నదాంట్లో చిన్న తప్పు దొర్లితేనే కళ్ళు అక్కడ ఆగిపోతాయి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. రెండు లీటర్ల టేబుల్‌టాప్ వెట్ గ్రైండర్‌కి 40 సెకన్ల యాడ్ చేయాలి. స్క్రిప్ట్ ఇలా రాశారనుకోండి: "నేను రోజూ ఇందులోనే పిండి రుబ్బుతాను. మా ఇంట్లో ఇడ్లీలు మల్లెపూలలా వస్తాయి."

అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఆ అవతార్‌కి ఇల్లు లేదు, వంటిల్లు లేదు, ఇడ్లీ రుచి తెలీదు. అది ఏఐ అని చూసేవాళ్ళకి అర్థమైన క్షణంలో ఆ ఒక్క వాక్యమే కాదు, వారంటీ గురించి చెప్పింది కూడా నమ్మబుద్ధి కాదు. గ్రైండర్ మంచిదే అయినా అనుమానం దాని మీదకే పోతుంది. చట్టం వైపు నుంచీ ఇది ప్రమాదమే. మన దేశంలో 2022లో వచ్చిన తప్పుదోవ పట్టించే ప్రకటనల మార్గదర్శకాల ప్రకారం, ఒక వస్తువు బాగుందని చెప్పేవాళ్ళ మాట వాళ్ళ నిజమైన అభిప్రాయం అయుండాలి, దానికి తగిన సమాచారమో అనుభవమో ఉండాలి.

అందుకని స్క్రిప్ట్‌ని రెండుగా విడగొట్టండి. డ్రమ్ము ఎలా లాక్ చేయాలి, ముందు నీళ్ళు పోసి మినప్పప్పు కొంచెం కొంచెంగా ఎలా వేయాలి, రాళ్ళు తీసి ఎలా కడగాలి, ఇవన్నీ అవతార్ చెప్పొచ్చు. ఇవి ఎవరు చెప్పినా ఒకటే. "ఇడ్లీ బాగా వచ్చింది" అనే మాట మాత్రం నిజంగా వాడినావిడ చెప్పాలి. ఫోన్‌తో తీసిన ఎనిమిది సెకన్ల క్లిప్ అయినా చాలు.

రెండోది, ముఖం ఎంతసేపు కనబడుతుందన్నది. మొదటి నాలుగైదు సెకన్లు అవతార్ కనబడనివ్వండి. తర్వాత గొంతు మాత్రం ఉంచి, స్క్రీన్ మీద నిజమైన గ్రైండర్, నిజమైన చేతులు, జారుతున్న పిండి చూపించండి. ముఖం ఫుల్ స్క్రీన్‌లో ఉన్నకొద్దీ తప్పులు వెతకడానికి మనమే టైమ్ ఇస్తున్నట్టు. పైగా "ప్లగ్ తీయకుండా కడిగితే షాక్ కొట్టొచ్చు" అనే మాట కూడా అది అదే నవ్వుమొహంతో చెప్పేయొచ్చు. అలాంటి చోట ముఖం అసలు ఉండకూడదు.

మూడోది తెలుగు పలుకు. ప, బ, మ పలకాలంటే రెండు పెదాలూ కలవాలి. అవతార్ "పప్పు", "డ్రమ్ము" అంటున్నప్పుడు పెదాలు తెరిచే ఉంటే, ఏది తప్పో చెప్పలేకపోయినా ఏదో తేడాగా ఉందని తెలిసిపోతుంది. సౌండ్ ఆపేసి, సగం స్పీడ్‌లో చూస్తూ ఈ అక్షరాల దగ్గర చెక్ చేయండి. తర్వాత కళ్ళు మూసుకుని గొంతు ఒక్కటే వినండి. అంకెలు సరిగ్గా పలకకపోతే "2 లీటర్లు" అని కాకుండా "రెండు లీటర్లు" అని అక్షరాల్లో రాయండి.

ఇంతా చేశాక జనానికి నచ్చలేదని ఎలా తెలుస్తుంది? యూట్యూబ్ అనలిటిక్స్‌లో ఆడియన్స్ రిటెన్షన్ గ్రాఫ్ ఉంటుంది. ముఖం వచ్చిన సెకనులోనే గీత దిగితే కారణం ముఖమే అని వెంటనే అనేసుకోకండి. ఏ యాడ్‌కైనా మొదట్లో కొంత పడుతుంది. అదే గొంతు, అదే స్క్రిప్ట్‌తో ముఖం లేకుండా చేతుల షాట్లతోనే ఇంకో వెర్షన్ చేసి, రెండూ ఒకేలాంటి ఆడియన్స్‌కి నడపండి. రెండిట్లోనూ ఒకేచోట పడితే తప్పు ముఖానిది కాదు. ముఖం ఉన్నదాంట్లోనే పడితే తప్పు ముఖానిది.

ఇక ఏఐ యాంకర్ అని స్క్రీన్ మీద ఒక మూల రాసేయండి. వాళ్ళంతట వాళ్ళు కనిపెట్టి మోసపోయాం అనుకోవడం కంటే మనమే ముందు చెప్పడం నయం.