గుండు మీద దీపం నీడ

పోర్ట్రెయిట్‌లో బట్టతల మీద కనిపించే తెల్లటి మచ్చ దీపం ప్రతిబింబమే. చర్మం మీద పడిన వెలుతురులో ఎక్కువ భాగం లోపలికి దిగి, అక్కడ చెదిరి, చర్మపు రంగు పులుముకుని బయటికి వస్తుంది. కొద్దిభాగం మాత్రం పైపొర మీది నుంచే, అద్దం మీద పడినట్టు తిరిగి వస్తుంది. దానికి చర్మపు రంగు అంటదు, దీపం రంగే మిగులుతుంది. జిడ్డూ చెమటా చర్మం గరుకును పూడ్చి నున్నగా చేసేకొద్దీ ఈ మచ్చ చిన్నదై, పదునెక్కుతుంది.

కళ్లద్దాల మీది మెరుపునైతే తల కాస్త వంచి తప్పించవచ్చు. గుండు దగ్గర ఆ ఉపాయం పారదు. అది గుండ్రంగా ఉంటుంది కనుక, ముందున్న దీపాన్ని ఎటు జరిపినా దాన్ని కెమెరా వైపు తిప్పికొట్టే చోటు నెత్తి మీదో నుదుటి మీదో ఒకటి ఉండనే ఉంటుంది. కాబట్టి మెరుపును పూర్తిగా తీసేయడం గురించి కాక, దాన్ని ఎంత పలచన చేయవచ్చో ఆలోచించాలి.

దీనికి అసలు మందు దీపం దూరంలోనే ఉంది. యాభై ఏళ్ల చామనఛాయ మనిషి, నడినెత్తి బట్ట, చెవుల పైన మిగిలిన జుట్టు గొరిగించుకున్నాడు అనుకుందాం. సాఫ్ట్‌బాక్స్ 2 మీటర్ల దూరంలో ఉంది, నెత్తి మీద నాణెమంత తెల్లమచ్చ పడింది. అదే సాఫ్ట్‌బాక్స్‌ను 1 మీటరుకు జరిపితే ముఖం మీద పడే వెలుతురు సుమారు నాలుగింతలవుతుంది, కనుక ఫ్లాష్ బలాన్ని నాలుగో వంతుకు తగ్గించాలి. ముఖం మునుపటి వెలుగులోనే ఉంటుంది. మచ్చ మాత్రం దీపపు ముఖానికి ప్రతిబింబం. ఆ ముఖం వెలుగు నాలుగో వంతుకు పడిపోయింది కాబట్టి మచ్చ కూడా అంతే మందగించి, వెడల్పుగా పరుచుకుంటుంది. దీపాన్ని దూరం జరిపితే మెరుపు తగ్గుతుందన్న నమ్మకం స్టూడియోల్లో గట్టిగా ఉంది కానీ, జరిగేది దానికి తలకిందులు. జుట్టు అంచు మెరవడానికి వెనక పైనుంచి వేసే హెయిర్ లైట్‌ను ఇక్కడ ఆర్పేయడమే మేలు. ఏటవాలుగా తగిలే వెలుతురును చర్మం మరీ ఎక్కువగా తిప్పికొడుతుంది.

దీపం కుదిరాకే పౌడర్. ముందు టిష్యూ కాగితాన్ని నెత్తి మీద అద్ది జిడ్డు తీయాలి. రుద్దితే చర్మం ఎర్రబడుతుంది. తర్వాత చర్మపు రంగుకు దగ్గరగా ఉన్న పౌడర్‌ను పఫ్‌తో పలచగా ఒత్తాలి. రంగులేని తెల్ల పౌడర్ కంటికి కనిపించకపోయినా, ఫ్లాష్ పడేసరికి చామనఛాయ మీద బూడిద పూసినట్టు బయటపడుతుంది. ఒక ఫొటో తీసి పెద్దది చేసి చూస్తే ఈ సంగతి వెంటనే తెలుస్తుంది. చెమట పట్టాక పౌడర్ మీద పౌడర్ వేస్తే అట్టలు కడుతుంది, మళ్లీ అద్ది తీశాకే వేయాలి.

ఇక రంగు. ఎప్పటినుంచో బట్టగా ఉన్న నడినెత్తి ఎండకు కమిలి ఉంటుంది, గొరిగిన పక్కల కింద వెంట్రుకల మొదళ్లు నీలిబూడిద ఛాయలో కనిపిస్తాయి. తిరుమలలో తలనీలాలిచ్చి వచ్చినవారి గుండు ముఖం కంటే పాలిపోయి ఉండటానికి కారణం, అంతవరకు దాన్ని జుట్టు ఎండ నుంచి కాపాడటమే. నీలిఛాయ మీద నారింజ రంగు కరెక్టర్‌ను పలచగా వేసి, దానిపైన చర్మపు రంగు ఫౌండేషన్ అద్దితే తేడా మాసిపోతుంది. పూత నుదుటి దగ్గరో చెవి పైనో గీత గీసినట్టు ఆగకూడదు. మెడ దాకా కరిగిపోవాలి. ఫొటో తీసే రోజు పొద్దున కాక ముందురోజు సాయంత్రం గొరిగించుకుంటే కత్తి మంట, ఎర్రదనం తగ్గడానికి వ్యవధి దొరుకుతుంది.

చెవుల ఎరుపు రెండు రకాలు. పలచని చర్మం కింద రక్తం పారడం వల్ల వచ్చేది ఒకటి, దాన్ని ఫౌండేషన్ కప్పుతుంది. వెనకనుంచి పడిన వెలుతురు చెవి గుండా దూసుకొచ్చి దాన్ని నిప్పుకణికలా వెలిగించేది రెండోది. దీనికి ఏ పూతా చాలదు. చెవి వెనక చెయ్యి అడ్డం పెట్టి చూస్తే ఏ రకమో తేలిపోతుంది. ఎరుపు ఆరిపోతే ఆ దీపానికీ చెవికీ మధ్య నల్ల అట్టముక్క నిలపాలి, లేదా మనిషినే కాస్త తిప్పాలి.

ఇంకా మిగిలినది ఫొటోషాప్‌లో. మచ్చ పూర్తిగా తెల్లబడి ఉంటే అక్కడ చర్మం తాలూకు సమాచారమే ఉండదు, నల్లబరిస్తే సిమెంటు రంగు వస్తుంది. కొత్త లేయర్‌ను Darken మోడ్‌లో పెట్టి, పక్క చర్మం రంగు తీసుకుని, 20 శాతం బలంతో మెత్తటి బ్రష్ తిప్పాలి. చెవులను ఎంపిక చేసుకుని, Hue/Saturation లో Reds ఎంచి, గాఢత కొద్దిగా తగ్గించి, రంగును పసుపు వైపు ఒకింత జరిపితే అవి చెంపలతో కలుస్తాయి. మెరుపును మాత్రం చివరిదాకా తుడిచేయకూడదు. అది పూర్తిగా పోతే తల గుండ్రనిదనం పోయి, ముఖం పైన మట్టిబిళ్ల అతికించినట్టు ఉంటుంది.