యతిలో అచ్చు, ప్రాసలో హల్లు

వాన మీద రెండు తేటగీతి పాదాలు చూడండి. ఈ వ్యాసం కోసమే కట్టినవి.

మెల్ల మెల్లగా నేలపై మేఘమాల
చల్ల చల్లగా చినుకులు చల్లుచుండె

అదే వాన మీద, అదే తేటగీతిలో మరో రెండు:

పట్టపగలింటి కప్పులు పటపటమన
కొట్టె గట్టిగా చెట్లపై కుండపోత

గణాల లెక్క రెండింటికీ ఒకటే. కానీ పైకి చదివితే మొదటి జంట దగ్గర గొంతు తనంతట తానే తగ్గుతుంది, రెండో జంట దగ్గర లేస్తుంది. మాటల అర్థం వల్ల కొంత, మాటల చప్పుడు వల్ల కొంత. ఆ చప్పుడు సంగతే ఇక్కడ చూద్దాం.

మొదటి జంటలో 'ల్ల' ఐదుసార్లు వచ్చింది. ల్ల పలికేటప్పుడు నాలుక కొన పైకి ఆనుతుంది కానీ గాలి ఆగదు, నాలుక పక్కల నుంచి జారిపోతూనే ఉంటుంది. కావాలంటే ఆ ధ్వనిని ఊపిరి ఉన్నంతసేపూ సాగదీయవచ్చు. మ కూడా అలాంటిదే, పెదవులు మూసినా ముక్కులోంచి మోగుతుంది. రెండో జంటలోని 'ట్ట' అలా కాదు. నాలుక గాలిని పూర్తిగా అడ్డగించి, ఒక్క క్షణం నిలిపి, ఒక్కసారిగా వదులుతుంది. దాన్ని సాగదీయడం కుదరదు. పట్ట, కొట్టె, గట్టి అన్న మూడు చోట్లా చదివేవాళ్ల నోట్లో చిన్న ఆటంకం, చిన్న పేలుడు జరుగుతాయి. హల్లు ఇలా మళ్లీ మళ్లీ రావడాన్ని మన ఆలంకారికులు వృత్త్యనుప్రాస అన్నారు.

అచ్చుల పని ఇంకా సూక్ష్మంగా ఉంటుంది. 'మేఘమాల', 'పటపటమన' అన్న రెండు మాటలూ పాదం చివర సరిగ్గా అంతే చోటు, ఆరు మాత్రలు, తీసుకున్నాయి. మొదటిదానిలో ఆ చోట నాలుగు అక్షరాలే ఉన్నాయి, వాటిలో రెండు దీర్ఘాలు. రెండోదానిలో ఆరు అక్షరాలు, ఆరూ లఘువులే, ఆరింటిలోనూ ఉన్నది ఒకే 'అ'. అందుకే ఒకటి తేలుతున్నట్టు ఉంటే, రెండోది పరుగెత్తుతున్నట్టు ఉంది. అచ్చు ఇలా తిరిగి తిరిగి రావడాన్ని ఇంగ్లీషువాళ్లు అసొనెన్స్ అంటారు. పదాల మొదట హల్లు మళ్లీ వస్తే అలిటరేషన్, అచ్చులు మారినా పదం లోపలో చివరో హల్లు నిలిస్తే కాన్సొనెన్స్. అక్కడ ఇవి మూడు వేర్వేరు సొగసులు, కవి ఇష్టాన్ని బట్టి వాడుకునేవి. తెలుగు పద్యం వీటినే నియమాలుగా చేసి తన ఎముకల్లోకి ఎక్కించుకుంది. బడిలో యతి, ప్రాస అని వల్లె వేసినవి ఇవేనని అప్పుడు ఎవరైనా చెప్పి ఉంటే చాలామందికి ఛందస్సు అంత ముళ్లదారిగా తోచేది కాదేమో.

తేటగీతిలో పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో యతిమైత్రి కుదరాలి. పై పాదంలో 'మె'కి 'మే' ఆ చెలిమి. ఇప్పుడు 'మేఘమాల' తీసేసి 'మబ్బుగుంపు' పెట్టి చదవండి: మెల్ల మెల్లగా నేలపై మబ్బుగుంపు. గణాలు చెడలేదు. హల్లు అదే మ. ఇంగ్లీషు చెవికి ఇది నిక్షేపంలాంటి అలిటరేషన్. తెలుగు పద్యానికి మాత్రం యతిభంగం, ఎందుకంటే 'ఎ'కీ 'అ'కీ పొత్తు లేదు. అ, ఆ, ఐ, ఔ ఒక జట్టు. ఇ, ఈ, ఎ, ఏ ఇంకొకటి. ఉ, ఊ, ఒ, ఓ మరొకటి. అందుకే రెండో జంటలో 'కొట్టె'కి 'కుండ' చక్కగా సరిపోయింది.

ఇంకో మార్పు చేద్దాం: మెల్ల మెల్లగా నేలపై నీలిమబ్బు. అచ్చు ఈసారి జట్టులోనిదే, హల్లు వేరు. మళ్లీ యతి తప్పింది. ఈ పాదం వినడానికి బాగానే ఉందనిపిస్తే ఆశ్చర్యం లేదు. 'నేల', 'నీలి' పక్కపక్కన చేరి తమలో తాము కలిసిపోయాయి. కానీ పాదం మొదలు ఒంటరిదైపోయింది, దాన్ని వెనక్కి తిరిగి పిలిచే అక్షరం లేదు. యతి చేసే అసలు పని ఆ పిలుపే. హల్లూ అచ్చూ రెండూ కలిస్తేనే అంత దూరం నుంచి అది వినిపిస్తుందని మన లాక్షణికులు తేల్చారు. పాత ఇంగ్లీషు కావ్యం బేవుల్ఫ్‌లోనూ పంక్తి రెండు సగాలనూ కలిపేది మొదటి ధ్వనుల చెలిమే. అయితే అక్కడ హల్లు కలిస్తే చాలు, పక్కన అచ్చు ఏదైనా ఫరవాలేదు. పదం అచ్చుతో మొదలైతే ఏ అచ్చుకైనా ఏ అచ్చయినా సరిపోతుంది.

ప్రాసది యతికి ఎదురు పద్ధతి. వృత్తాల్లోనూ కందంలోనూ ప్రతి పాదం రెండో అక్షరంలో ఒకే హల్లు రావాలి, అచ్చు ఏదైనా సరే. తల్లి, ముల్లు, చల్ల, కొల్లేరు అన్నీ ప్రాసకు సరిపోతాయి. 'కాలం' సరిపోదు, అక్కడ ల ఒంటరిది. తేటగీతికి ఈ నియమం లేకపోయినా, పై జంటల్లో ల్ల, ట్ట ఆ స్థానంలో కావాలనే పెట్టాను. అచ్చులు మారుతూ హల్లు నిలవడం అచ్చమైన కాన్సొనెన్స్. మొదటి ప్రపంచయుద్ధం ముగియడానికి వారం ముందు, 1918 నవంబరు 4న చనిపోయిన విల్‌ఫ్రెడ్ ఓవెన్ పంక్తుల చివర ఇదే వాడాడు. పూర్తి అంత్యప్రాస కోసం ఎదురుచూసే ఇంగ్లీషు చెవికి, హల్లులు కలిసి అచ్చు తప్పుకోవడం ఏదో సరిపడనట్టు, కలతగా వినిపించింది. అతని యుద్ధ కవితలకు కావలసిందీ అదే. నన్నయ కాలం నుంచీ ఆ కలయికనే వింటూ వచ్చిన మనకు అది క్రమంగా, నిండుగా వినిపిస్తుంది. ధ్వని ఒకటే అయినా చెవి అలవాటును బట్టి అనుభూతి మారుతోంది.

అందుకే 'ట' అంటే కోపం, 'ల' అంటే లాలిత్యం అని పట్టిక రాసుకుంటే దెబ్బతింటాం. మమ్మటుడు కావ్యప్రకాశంలో మాధుర్య గుణానికి ట, ఠ, డ, ఢలు తగవన్నాడు, ఓజస్సుకు తగునన్నాడు. చాలా చోట్ల అది నిజమే. కానీ పసిబిడ్డను మనం 'చిట్టి' అనే పిలుస్తాం, 'బుట్టబొమ్మ' అంటాం. 'తల్లడిల్లడం'లో రెండు ల్లలున్నా శాంతం లేదు. అర్థం ఎటు మొగ్గితే ధ్వని అటు బలం చేకూరుస్తుంది. అర్థం లేనిచోట తానుగా ఏదీ చెప్పదు. పట్టపగలి వానలో ట్ట గట్టిగా తగిలిందంటే, కప్పులూ కుండపోతా ముందే దానికి దారి వేశాయి.

ధ్వని కోసం అర్థాన్ని వదిలేసినప్పుడు ఏమవుతుందో కూడా ఈ పాదంలోనే చూడవచ్చు: మెల్ల మెల్లగా నేలపై మిగుల వాలె. గణాలు సరి. 'మె'కి 'మి' యతి సరి. పద్యాలు అలవాటున్న చెవి తప్పు పట్టదు. కానీ మెల్లమెల్లగా వాలేది 'మిగుల' ఎలా వాలుతుంది? పైగా వాలింది ఏమిటో పాదంలో లేనే లేదు. ఆ మాట యతి స్థానం నింపడానికి వచ్చిందే తప్ప వాన కోసం వచ్చింది కాదు. ఇలాంటి పాదపూరణాలు పట్టుకోవడం తేలిక. యతి స్థానంలోని మాటను తీసేసి, మిగిలినదాన్ని వచనంగా చదవాలి. అర్థం ఏమీ తగ్గకపోతే, లేదా ఇంకా బాగుపడితే, ఆ మాట అక్షరం కోసమే అక్కడ ఉన్నట్టు. 'మేఘమాల'ను అలా తీసి చూడండి, చినుకులు చల్లేవాళ్లే ఉండరు.