కరెంటు తిరిగొచ్చిన మొదటి నిమిషం

కాలేజీ గేటు పక్కన ఒక జిరాక్స్ షాపు అనుకుందాం. ఎనిమిది కంప్యూటర్లు, రెండు లేజర్ ప్రింటర్లు, ఒక పెద్ద జిరాక్స్ మెషీను, మూడు ఫ్యాన్లు, నాలుగు ఎల్‌ఈడీ ట్యూబులు. ఎంత లోడు కావాలని అడిగితే ఎవరైనా ఒక అంకె చెప్పేస్తారు. నిజానికి కావలసినవి రెండంకెలు. ఒకటి కరెంటాఫీసుకు, ఇంకొకటి గోడలోని వైరుకు.

ఈ తేడా తెచ్చిపెట్టేది ఫ్యూజర్. టోనరు పొడిని కాగితం మీద కరిగించి అతికించే రోలరు అది. పొద్దున్నే షట్టరు ఎత్తేసరికి చల్లగా ఉంటుంది. కాపీకి సిద్ధం కావాలంటే దాదాపు 180 డిగ్రీల దాకా వేడెక్కాలి. అంతసేపూ మెషీను 1,500 వాట్ల దాకా లాగుతుంది. చాలా మెషీన్లలో ఆ వేడినిచ్చేది హాలోజన్ దీపం. ఫిలమెంటు చల్లగా ఉన్నప్పుడు కరెంటును అడ్డుకునే గుణం దానికి బాగా తక్కువ. అందుకే మామూలుగా ఆరున్నర ఆంపియర్లు చాలిన మెషీను, స్విచ్ వేసిన క్షణంలో అరవై దాకా గుంజవచ్చు. ట్యూబులైటు కళ్లార్పేది అప్పుడే. లేజర్ ప్రింటరులోనూ ఇదే తంతు, కాస్త చిన్నగా.

ఇప్పుడు లెక్క వేద్దాం. మానిటరుతో కలిపి కంప్యూటరుకు 120 వాట్ల చొప్పున ఎనిమిదింటికి 960. ఫ్యాన్లు, లైట్లు, రౌటరు కలిపితే సుమారు 1,300 వాట్లు. జిరాక్స్ మెషీనుకు 1,500, వేడెక్కేటప్పుడు ఒక్కో ప్రింటరుకు 900. అన్నీ ఒకేసారి లాగితే 4,600 వాట్లు, అంటే ఇరవై ఆంపియర్లు. మధ్యాహ్నం రద్దీలో కూడా ఇవన్నీ ఒక్క క్షణంలో కలవడం అరుదు. తప్పకుండా కలిసేది కరెంటు పోయి తిరిగొచ్చినప్పుడే. చల్లారిన రోలర్లన్నీ ఒక్కసారిగా వేడెక్కుతుంటాయి, ఖాళీ అయిన ఇన్వర్టరు బ్యాటరీలు మరో 500 వాట్లు అడుగుతాయి. మొత్తం 22 ఆంపియర్లు. వైరూ మెయిన్ ఎంసీబీ తట్టుకోవలసిన అంకె ఇదే.

మీటరు మాత్రం ఆ ఒక్క నిమిషాన్ని అంతగా పట్టించుకోదు. బిల్లులో ఆర్‌ఎండీ అని కనిపించే గరిష్ఠ డిమాండు సాధారణంగా అరగంట సగటు. వేడెక్కాక ఫ్యూజర్ ఆగి ఆగి వెలుగుతుంది కాబట్టి ఈ షాపు సగటు రెండు, రెండున్నర కిలోవాట్లే. మూడు కిలోవాట్ల మంజూరు లోడు చాలు. క్షణకాలపు అంకె చూసి ఐదు తీసుకుంటే, కిలోవాటుకింత అని పడే స్థిర ఛార్జీ నెలనెలా అనవసరంగా కట్టాలి. ఆర్‌ఎండీ తక్కువుంది కదా అని వైరింగు బాగుందనుకోవడం అంతకంటే పెద్ద పొరపాటు.

సన్నటి వైరు ఏం చేస్తుందో చూడండి. పదిహేను మీటర్ల 1 చదరపు మిల్లీమీటరు వైరు మీద అరవై ఆంపియర్లు ఒక్క క్షణం పారితే నలభై వోల్టులు వైరులోనే పోతాయి. సాయంత్రం లైన్లో 190 వోల్టులే ఉంటే, అదే వైరు మీదున్న కంప్యూటర్లకు మిగిలేది 150. జిరాక్స్ ఆన్ చేసిన ప్రతిసారీ ఒకటో రెండో కంప్యూటర్లు రీస్టార్ట్ అవుతుంటే, ఫార్మాట్ చేయించే ముందు ప్లగ్గు ఎక్కడుందో చూసుకోండి. రోగం చాలాసార్లు ఎక్స్‌టెన్షన్ బాక్సులో ఉంటుంది. ప్లగ్గు ముట్టుకుంటే వెచ్చగా తగలడం, సాకెట్ రంగు మారడం కూడా అదే చెబుతాయి.

జిరాక్స్ మెషీనుకు బోర్డు నుంచి విడిగా 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, ఎర్తుతో 16 ఆంపియర్ల సాకెట్, దానికి సొంత ఎంసీబీ ఉండాలి. ఆ ఎంసీబీ మీద సి16 అని ఉండాలి. బి రకమైతే మూడు నుంచి ఐదు రెట్ల కరెంటుకే పడిపోతుంది, చల్లటి ఫ్యూజర్‌కు అది ఏ పొద్దునైనా ఎగరవచ్చు. ప్రింటర్లకు రెండో లైను, కంప్యూటర్లకు మూడోది. మెయిన్‌లో 6 చదరపు మిల్లీమీటర్ల వైరు, 32 ఆంపియర్ల స్విచ్ సరిపోతాయి. కరెంటు రాగానే ముందు కంప్యూటర్లు, తర్వాత ప్రింటర్లు, చివర్లో జిరాక్స్ వేస్తే ఖర్చు లేకుండానే సగం భారం తగ్గుతుంది.

ఇన్వర్టరుకు మూడో లైనూ లైట్లూ ఫ్యాన్లూ మాత్రమే. రెండు 150 ఏహెచ్ బ్యాటరీలున్న 2 కేవీఏ ఇన్వర్టరు ఆ 1,300 వాట్లను గంటకు పైగా లాగుతుంది. దాన్ని యూపీఎస్ మోడ్‌లో పెట్టకపోతే కరెంటు మారే క్షణంలో కంప్యూటర్లు ఆగిపోతాయి. లేజర్ ప్రింటరును దాని మీద పెడితే పేజీ మధ్యలో ఓవర్‌లోడ్ అని కూస్తుంది. హాల్‌టికెట్ కోసం నిలబడ్డ పిల్లలను వెనక్కి పంపకూడదనుకుంటే, ఇరవై వాట్లతో నడిచే ఇంకు ట్యాంకు ప్రింటరొకటి ఆ లైను మీద ఉంచుకోవచ్చు. వేడి చేయాల్సిన రోలరే అందులో ఉండదు.